తురుపు ఖర్చు పెట్టని చేయి

మా పై అంతస్తులో ఒక రష్యన్ పెద్దావిడ ఉంటారు. మా అమ్మాయితో పాటు నేనూ ఆవిడని బాబుష్కా అనే పిలుస్తాను. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకు రష్యన్ ఒక్క ముక్క రాదు. అందుకే మా మధ్య మాటలకన్నా పేకముక్కలే ఎక్కువ నడిచాయి. ఆవిడ నేర్పిన ఆట పేరు దురాక్. ఆ మాటకి రష్యన్‌లో మూర్ఖుడు అని అర్థం. ఈ ఆటలో గెలిచినవాళ్లంటూ ఎవరూ ఉండరు. చేతిలో ముక్కలు అయిపోయినవాళ్లు ఒక్కొక్కరే బయటపడిపోతారు. ఆఖరికి ముక్కలతో మిగిలిపోయినవాళ్లే దురాక్. రెండు శీతాకాలాలు ఆ బిరుదు దాదాపు నాదే, ఎందుకంటే ఆవిడ ఎవరినీ జాలిపడి వదలరు, పిల్లల్ని కూడా.

రమ్మీ, ఇరవై ఎనిమిది ఆడేవాళ్లకి ఇది కష్టమేమీ కాదు. పేకలో రెండు నుంచి అయిదు దాకా తీసేస్తే 36 ముక్కలుంటాయి. ఆరు అన్నిటికన్నా చిన్నది, ఆసు అన్నిటికన్నా పెద్దది. తలా ఆరు ముక్కలు పంచి, తర్వాతి ముక్కని తిప్పి కట్ట అడుగున అందరికీ కనిపించేలా పెడతారు. దాని రంగే తురుపు. మొదటివాళ్లు ఒక ముక్క వేసి పక్కవాళ్ల మీద దాడి చేస్తారు. పక్కవాళ్లు అదే రంగులో పెద్ద ముక్కతోనో, ఏదైనా తురుపుతోనో దాన్ని కొట్టాలి. బల్ల మీద ఉన్న అంకెలకి జోడీ ముక్కలుంటే దాడి చేసేవాళ్లు ఇంకా వేస్తూ పోవచ్చు. అన్నీ కొట్టగలిగితే ఆ ముక్కలు ఆటలోంచి పోతాయి, దాడి చేసే వంతు కొట్టినవాళ్లకి వస్తుంది. కొట్టలేకపోతే బల్ల మీదున్నవన్నీ ఎత్తుకోవాలి, వంతు కూడా పోతుంది. ప్రతి దాడి తర్వాత కట్టలోంచి తీసుకుని చేతిలో మళ్లీ ఆరు ముక్కలు చేసుకుంటారు.

బాబుష్కా ఆడేది దాడిని దాటించే రకం. నా మీద తొమ్మిది వేశారనుకోండి. దాన్ని కొట్టకుండా, నా దగ్గరున్న ఇంకో తొమ్మిదిని దాని పక్కన పెట్టేస్తే దాడి నా తర్వాతివాళ్ల మీదికి పోతుంది. ఇప్పుడు వాళ్లు రెండు తొమ్మిదులు కొట్టాలి, లేదా వాళ్లూ ఇంకో తొమ్మిది చేర్చి దాటించాలి. ఇద్దరే ఆడుతుంటే అది దాడి చేసినవాళ్ల మీదికే తిరిగొస్తుంది. ఇందులో రెండు షరతులున్నాయి. ఒక్క ముక్కనైనా కొట్టాక ఇక దాటించకూడదు. దాడి ఎవరి మీదికి పోతోందో వాళ్ల చేతిలో బల్ల మీదున్నన్ని ముక్కలైనా ఉండాలి. కొన్ని ఇళ్లలో అదే అంకె తురుపుని ఊరికే చూపించి మళ్లీ చేతిలో పెట్టుకుని కూడా దాటిస్తారట. అది ఒప్పుకుంటారో లేదో ఆట మొదలుపెట్టే ముందే మాట్లాడుకోవాలి.

మావారు ఇరవై ఎనిమిది ఆడిన అలవాటుతో, దాడి రాగానే తురుపు విసిరేవారు. బల్ల ఖాళీ అయితే ఆయనకి తృప్తి. బాబుష్కా మాత్రం ఆట మొదట్లో ఒక ఆరూ ఒక ఎనిమిదీ నిశ్చింతగా ఎత్తుకునేవారు. మొదట నాకు వింతగా ఉండేది. లెక్క వేసుకుంటే విషయం తెలిసింది. తురుపులు మొత్తం తొమ్మిదే. ఇద్దరు ఆడితే పంచాక కట్టలో 24 ముక్కలుంటాయి. అంటే చాలాసేపు ఎవరి చేతిలోనూ ముక్కలు తగ్గవు. అప్పుడు రెండు చిన్న ముక్కలు ఎత్తుకుంటే పోయేది ఒక వంతు మాత్రమే, వాటిని వదిలించుకోవడానికి బోలెడు సమయం ఉంటుంది. ఖర్చైన తురుపు మాత్రం మళ్లీ రాదు. కట్ట అయిపోయాక లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఎత్తుకున్న ప్రతి ముక్కా బరువే, ఒక్క పెద్ద తురుపు ఆట మొత్తాన్ని తేల్చేస్తుంది. అలాగని ఎప్పుడూ దాచుకోవాలనీ కాదు. కట్టలో రెండు మూడు ముక్కలే మిగిలినప్పుడు నాలుగైదు ముక్కల కుప్ప ఎత్తుకోవాల్సి వస్తే, చిన్న తురుపుతో కొట్టేయడమే మేలు. నలుగురు ఆడితే కట్టలో 12 ముక్కలే ఉంటాయి కాబట్టి ఆ ఘడియ చాలా ముందే వచ్చేస్తుంది.

దాటించే జోడీ విలువ నాకు ఒక డిసెంబరు సాయంత్రం బోధపడింది. కొత్త సంవత్సరం రాగానే ఆవిడ కూతురి దగ్గరకి వెళ్లిపోతున్నారు. ఆవిడని ఒక్కసారైనా న్యాయంగా దురాక్ చెయ్యాలని నాకు పంతం. ఆ రోజు తురుపు ఆటీను. కట్ట అయిపోయింది. నా చేతిలో ఆటీను రాణి, కళావరు తొమ్మిది, డైమను ఏడు ఉన్నాయి. ఆవిడ దగ్గర మూడు ముక్కలు. అందులో రెండు నాకు తెలుసు. కట్ట అడుగున తిప్పి పెట్టిన ఆటీను పది ఆఖరున ఆవిడకే వెళ్లింది. డైమను ఆసుని ఆట మధ్యలో బల్ల మీంచి ఎత్తుకున్నారు, మళ్లీ వెయ్యలేదు. ఎత్తుకున్న ముక్కలు అందరూ చూసినవే కదా.

దాడి వంతు ఆవిడది. మూడో ముక్క వేశారు. అది ఇస్పేటు తొమ్మిది.

చెయ్యి ముందు రాణి మీదికే పోయింది. కానీ రాణితో కొట్టేస్తే నాకు కళావరు తొమ్మిది, డైమను ఏడు మిగులుతాయి. ఏది వేసినా ఆవిడ ఆసుతోనో పదితోనో కొట్టి, మిగిలిన ఒక్క ముక్కని నా మీద వేసి బయటపడతారు. పోనీ తొమ్మిదిని ఎత్తుకుందామా అంటే వంతు మళ్లీ ఆవిడదే. ఆసు వేస్తారు. దాన్ని రాణితో కొట్టి నేను ఏది వేసినా, ఆ పదితో కొట్టి బయటపడతారు. ఆసుని కూడా ఎత్తుకుంటే ఆవిడ పది వేసేసి వెళ్లిపోతారు. ఎటు చూసినా నేనే దురాక్.

కళావరు తొమ్మిదిని ఆ ఇస్పేటు తొమ్మిది పక్కన పెట్టాను. ఆవిడ చేతిలో సరిగ్గా రెండు ముక్కలున్నాయి కాబట్టి దాటించడం చెల్లుతుంది. పదితో ఒక తొమ్మిదిని కొట్టగలరు. డైమను ఆసు ఎంత పెద్దదైనా ఇస్పేటునీ కళావరునీ కొట్టలేదు. ఆవిడ దగ్గర మూడో తొమ్మిది లేదు. రెండూ ఎత్తుకోక తప్పలేదు. వంతు పోయింది కాబట్టి మళ్లీ నేనే వెయ్యాలి. రాణి వేశాను. పది దాన్ని కొట్టలేదు, దాన్నీ ఎత్తుకున్నారు. డైమను ఏడు వేశాను. నా చెయ్యి ఖాళీ.

బాబుష్కా కాసేపు బల్ల కేసి చూసి, డైమను ఆసుని తీసి వేలితో రెండుసార్లు కొట్టి చూపించారు. నిజమే. తొమ్మిదికి బదులు ముందు ఆ ఆసు వేసి ఉంటే నాకు దాటించే వీలే ఉండేది కాదు, ఆట ఆవిడదే అయ్యేది. నేను ఆ ఆసుని ఎత్తుకుని ఉన్నా, ఆ తర్వాత ఆవిడ తొమ్మిది వేసేసరికి ఆవిడ చేతిలో మిగిలేది ఒక్క ముక్క. ఒక్క ముక్క ఉన్నవాళ్ల మీదికి రెండు దాటించలేం. కళావరు తొమ్మిది ఇంకా బయటికి రాలేదని ఆవిడ లెక్క పెట్టుకుని ఉంటే ఆసే వేసేవారు. పేక సర్దుతూ నా వైపు వేలు చూపించి "నువ్వు కాదు దురాక్" అన్నారు ఇంగ్లీషులో.

ఇప్పుడు ఇంట్లో ముగ్గురం ఆడుతున్నాం. ముగ్గురిలో దాటించిన దాడి వేసినవాళ్ల మీదికి కాకుండా మూడోవాళ్ల మీదికి పోతుంది, అక్కడ ఇంకో జోడీ ఉంటే అసలు వేసినవాళ్లని చేరుతుంది. అందుకే మా అమ్మాయి జోడీలు పక్కపక్కనే పెట్టుకుని, బల్ల మీద వెళ్లిపోయిన తొమ్మిదుల్ని పెదవులతో లెక్క పెట్టుకుంటుంది. మావారికి మాత్రం తురుపు చేతిలో నిలవదు. ఈ నెల దురాక్ ఎక్కువసార్లు ఆయనే.