నీళ్ళు చెప్పిన నిజం

పాత ఫ్లాటు చూడబోయినవారు ముందుగా అనుమానించవలసినది కొత్త రంగును. ఇల్లంతా వెలిసిపోయి ఒక్క గోడ మాత్రం నిగనిగలాడుతూ ఉంటే, ఆ గోడ దగ్గరే కాస్త ఎక్కువసేపు నిలబడాలి.

పదవీ విరమణ సొమ్ముతో కొందామనుకుని, హైదరాబాదులో పన్నెండేళ్ళ నాటి ఫ్లాటు ఒకటి చూశాను. పడకగదికీ స్నానాలగదికీ నడుమనున్న గోడకే కొత్త రంగు వేశారు. నేలకు జానెడు ఎత్తున వేలితో రాస్తే తెల్లని పొడి రాలింది. గోడలోని నీరు ఆరిపోతూ బయటికి తెచ్చిన ఉప్పు అది. వేలి కణుపులతో తట్టుకుంటూ వెళితే ఒకచోట డొల్లగా మోగింది. అక్కడ సిమెంటు పూత ఇటుకను వదిలేసిందన్నమాట.

ఆ నీరు ఎక్కడిది? గోడలోని గొట్టం కారితే అది రాత్రింబవళ్ళు కారుతూనే ఉంటుంది. గోడ తడిగానే ఉంటుంది. ఇల్లు మూడు నెలలుగా ఖాళీ, ట్యాంకు నీరు మాత్రం వస్తూనే ఉంది. అయినా గోడ పొడిగా ఉంది. కనుక దోషం గొట్టంలో కాదు, స్నానం చేసినప్పుడు మాత్రమే తడిసే నేలలో ఉండాలి. వ్యాకరణంలో లాగే ఇక్కడా చిక్కంతా సంధి దగ్గరే: నేలా గోడా కలిసేచోట, నేలా తూమూ కలిసేచోట.

యజమాని అనుమతితో తూము రంధ్రాన్ని ప్లాస్టిక్ కాగితం, గుడ్డతో బిగించి, రెండంగుళాల నీరు నింపి, మట్టం దగ్గర పెన్సిలుతో గీత గీసి తలుపు వేశాం. మరునాటికి గీత కంటే మట్టం అర అంగుళం తగ్గింది. ఒక్కరోజులో అంత నీరు ఆవిరైపోదు. కింది ఫ్లాటుకు వెళ్ళి చూస్తే, తూము గొట్టం చుట్టూ పైకప్పు చెమర్చి ఉంది. "వాళ్ళు ఖాళీ చేశాకే మాకు ఆరిందండీ మాస్టారూ, మళ్ళీ మొదలయిందేమిటి?" అన్నది ఆ ఇల్లాలు.

ఆ ఇంట్లో మిగిలినవన్నీ బాగానే ఉన్నాయి. వంటింటి కొళాయి కింద పదిహేను లీటర్ల బకెట్టు రెండు నిమిషాలలో నిండింది. స్నానాలగది కొళాయి కూడా విప్పితే ధార సన్నబడింది గాని ఆగలేదు. అన్ని స్విచ్చులూ ఆర్పి, ప్లగ్గులు తీసి చూస్తే కరెంటు మీటరు మీది ఎర్రదీపం మిణకడం మానింది. అంటే ఎక్కడా దొంగదారిన కరెంటు పోవడం లేదు. రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ వెళ్ళి కిటికీ తెరిచి కూర్చున్నాను. వీధి చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు.

కాబట్టి ఇల్లు వదులుకోలేదు, బయానా ఇవ్వడమే ఆపాను. తూము చుట్టూ పలకలు పెకలించి, నీరు దిగకుండా కొత్తగా పూత వేయించి, మళ్ళీ ఒక రోజంతా నీరు నిలిపి, కింది పైకప్పు పొడిగా ఉంటేనే బయానా అని ఒప్పందంలో రాయించాను. యజమాని ముఖం చిన్నబుచ్చుకున్నారు గాని సంతకం చేశారు. కింది ఇల్లాలికి మాత్రం పండుగే.