బొటనవేలు అడ్డం పెట్టి చదవండి

ఈ రోజు పోస్టు పంట గురించి కాదండీ. ఇంట్లో తొమ్మిదో, పదో చదివే పిల్లలుంటే మాత్రం చివరిదాకా చదవండి.

మొన్న రాత్రి మోటారు కట్టేసి ఇంటికొచ్చేసరికి ఫోన్లో ఒక ఫోటో ఉంది. మా అమ్మాయి హాస్టల్ నుంచి సైన్సు టెస్టు పేపరు పంపింది. నిశ్చితం, కారణం ప్రశ్నలు నాలుగిస్తే మూడు తప్పు. "నాన్నా, అన్నీ చదివినవే. అయినా పోయాయి. ఇంటర్లో బైపీసీ వద్దులే" అని కింద మెసేజ్. ఆ చివరి మాట చూశాక అన్నం సయించలేదు.

ఆ ప్రశ్నల్లో రెండు వాక్యాలిస్తారు. రెండూ నిజమై, కారణం నిశ్చితాన్ని వివరిస్తే జవాబు 1. రెండూ నిజమే కానీ వివరించకపోతే 2. నిశ్చితం నిజం, కారణం తప్పు అయితే 3. నిశ్చితం తప్పు, కారణం నిజం అయితే 4. మా పిల్ల నాలుగింటికీ 1 పెట్టింది! రెండు వాక్యాలూ ఒకే పాఠంలోవి కాబట్టి కలిపి చదివితే ఒకదానికొకటి అతికినట్టే ఉంటాయి. తప్పు అక్కడే జరిగింది.

మొదటి ప్రశ్న చూడండి. నిశ్చితం: యూరియా వేస్తే పైరుకు నత్రజని, భాస్వరం రెండూ అందుతాయి. కారణం: మొక్కలకు నత్రజని, భాస్వరం రెండూ అవసరం. కలిపి చదివితే ఎంత బాగుందో! కారణాన్ని బొటనవేలితో మూసేసి పై వాక్యం ఒక్కటే చదవండి. యూరియాలో ఉండేది 46 శాతం నత్రజని, భాస్వరం బొత్తిగా లేదు. అందుకేగా మనం డీఏపీ కొనేది. అంటే నిశ్చితం తప్పు. ఇప్పుడు పైది మూసి కిందది చదవండి. అది నిజం. జవాబు 4.

రెండోది. నిశ్చితం: రాత్రిపూట మొక్కలు కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. కారణం: మొక్కలు శ్వాసిస్తాయి. నేనూ 1 అనుకున్నా. కానీ ఫోటోలో కాగితం మడత పడిన చోట ఏదో మాట చెరిగినట్టుంది. కాగితం సాపు చేసి మళ్లీ ఫోటో తీయించా. "మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయి" అని ఉంది! మొక్క పగలూ శ్వాసిస్తుంది. పగలు వెలుతురులో కిరణజన్య సంయోగక్రియకు ఆ కార్బన్ డయాక్సైడ్ వాడేసుకుంటుంది కాబట్టి బయటికి కనపడదు. కారణం తప్పు, జవాబు 3. ఒక్క మాటతో జవాబు తిరగబడింది. అందుకే ఫోటో చూసి చెప్పేటప్పుడు ముందు రెండు వాక్యాలూ కాగితం మీద రాసుకోండి. చదవలేని మాటను ఊహించుకోవద్దు.

మూడోది అసలు మెలిక. నిశ్చితం: నీటి ఎద్దడిలో ఆకుల మీది పత్రరంధ్రాలు మూసుకుంటాయి. కారణం: పత్రరంధ్రాల ద్వారా మొక్క వాయువుల మార్పిడి చేసుకుంటుంది. విడివిడిగా చూస్తే రెండూ నిజం. రెండూ నిజమని తేలాకే "ఎందుకంటే" అని మధ్యలో పెట్టాలి. పత్రరంధ్రాలు ఎందుకు మూసుకుంటాయి? వాయువులు అటూఇటూ తిరుగుతాయి కాబట్టా? కాదు. చుట్టూ ఉన్న రక్షక కణాలు నీరు కోల్పోయి, బిగువు తగ్గి వాలిపోతాయి కాబట్టి. కారణం నిజమే గానీ ఈ ప్రశ్నకు జవాబు కాదు. కాబట్టి 2.

నాలుగోది మా పిల్లకి వచ్చింది. ఆమ్ల నేలకు సున్నం వేస్తారు, ఎందుకంటే సున్నం క్షార గుణం కలది, ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. ఇక్కడ "ఎందుకంటే" సరిగ్గా అతుకుతుంది. జవాబు 1.

ఒక మాట చెప్పాలి. బొటనవేలు పెట్టినంత మాత్రాన తెలియని విషయం తెలియదు. యూరియాలో ఏముందో తెలియకపోతే మూసినా తెరిచినా ఒకటే. తెలిసిందాన్ని తొందరలో పోగొట్టుకోకుండా ఉండటానికే ఇది. ఇంకోటి, కొన్ని పేపర్లలో ఆ నాలుగు జవాబుల వరుస మారుతుంది, రెండూ తప్పు అనేది కూడా ఇస్తారు. అంకె బట్టీ పట్టొద్దు, ప్రతిసారీ చదువుకోవాలి.

ఫోన్లో ఇదంతా చెప్పాక మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. "అయితే నాన్నా, ఆ మూడూ నాకు తెలిసినవే" అంది. "తెలిసినవేనమ్మా, విడివిడిగా చూడలేదు, అంతే" అన్నా. బైపీసీ సంగతి మళ్లీ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

మీ పిల్లల పేపర్లో ఇలాంటి ప్రశ్నల దగ్గర వరుసగా 1, 1, 1 కనిపిస్తే కోప్పడకండి. పక్కన కూర్చుని, వేలు అడ్డం పెట్టి, మళ్లీ చదివించండి.