పదమూడు అంటే 121

సీతంపేట ఏజెన్సీలో మేం ఇద్దరం సవర పంతుళ్లం. బడి వదిలాక ఒక నోటుబుక్కులో రాసుకుంటాం. అది ఎవరికీ చూపించేది కాదు. ఈ ఏడాది అందులో ఎక్కువ పేజీలు ఒకే పిల్లాడివి. మూడో తరగతి, అవ్వతాతల దగ్గర పెరిగాడు, ఇంట్లో అంతా సవరే.

'లెక్కల్లో మొద్దు' అనే మాట కింది తరగతి నుంచి వాడి వెంటే వచ్చింది. మేం దాన్ని పేజీ పైన రాసి, కింద ఒక ప్రశ్న పెట్టుకున్నాం: మనకెలా తెలుసు?

అంకెలు చెప్పి పలక మీద రాయించాం. పన్నెండు దాకా ఒక్క తప్పు లేదు. పదమూడు అంటే 121 రాశాడు, పంతొమ్మిది అంటే 127. తెలుగు మాట విని తడబడే పిల్లలు పదమూడుకి 103 రాస్తారు, పది పక్కన మూడు పెట్టి. మరి వీడికి 12 ఎక్కడిది?

మన లెక్కలోంచే. సవరలో పన్నెండు మిగ్గెల్. పదమూడు మిగ్గెల్ అబోయ్, అంటే పన్నెండూ ఒకటీ. పంతొమ్మిది మిగ్గెల్ గుల్జి, పన్నెండూ ఏడూ. వాడు తెలుగులో విని, సవరలో తలచి, తలచినట్టే రాస్తున్నాడు.

చింతపిక్కలతో చూశాం. పంతొమ్మిదిలో పన్నెండు తీస్తే ఎన్ని? అడగ్గానే ఏడన్నాడు. అదే పది తీయమంటే వేళ్లు మడుచుకుంటూ కూర్చున్నాడు.

ఆ రాత్రి ఇంకో ప్రశ్న రాసుకున్నాం: మన భాష కాబట్టి మనకి నచ్చే కారణమే వెతుక్కుంటున్నామా? అదే ఊరి ఇద్దరు పిల్లల్ని అడిగాం. వాళ్లూ సవరలే, కానీ 13 సరిగ్గా రాశారు. నాన్నతో సంతకెళ్లి తెలుగులో డబ్బులు లెక్కపెట్టడం అలవాటు. కాబట్టి సవర పిల్లలందరికీ ఇదే కారణం అనడానికి లేదు. ఒక్కొక్కరి పలక చూడాల్సిందే.

ఎలా నేర్పాలన్నది తర్వాతి పేజీ. వాడి లెక్క మాన్పించడమా, దాని మీంచి నడిపించడమా? రెండోది ఎంచుకున్నాం. పన్నెండు పిక్కలు ఒక కుప్ప, పక్కన ఒకటి. కుప్పలోంచి రెండు తీసి ఆ ఒకటితో కలిపితే పదీ మూడూ. సవరలో చెప్పి, జరిపి, తెలుగులో చెప్పి, అప్పుడు రాయాలి. రెండు వారాలకి పిక్కలుంటే 19 దాకా సరిగ్గా రాస్తున్నాడు. పిక్కలు తీసేస్తే 17, 18 ఇంకా 125, 126 అవుతున్నాయి.

శనివారంలోగా వెనకబడిన పిల్లల జాబితా ఇవ్వాలి. అందులో పేరు పడితే వీడు మళ్లీ ఒకటి నుంచి ఎక్కాల పుస్తకం చూసి రాస్తాడు, తనకొచ్చిన లెక్క ఎవరికీ కనబడదు. పేరు ఇవ్వకపోతే అదనంగా దొరికే గంట పోతుంది. చివరికి పేరు రాశాం. కారణం గడిలో 'మొద్దు' అని కాదు, ఇలా రాశాం: పన్నెండుతో లెక్కిస్తాడు, పదికి మార్చడం నేర్చుకుంటున్నాడు, పిక్కలు ఇవ్వగలరు.