రెండో రౌండు రాని కంపెనీకి కన్వర్టిబుల్ నోటు ఎందుకు?

కొల్లేరు చెరువుల్లో ఆక్సిజన్ కొలిచి, అది తగ్గగానే ఏరేటర్లను తిప్పే పరికరం తయారు చేద్దామనుకునే ఇంజినీరుకి మొదటి యాభై లక్షలు కావాలి. చింతలపూడి వైపు తోటల్లో కోకో కాయలు కొని, గింజలు పులియబెట్టి, ఎండబెట్టి చాక్లెట్ తయారీదారులకు అమ్ముదామనుకునే కుటుంబానికీ అంతే కావాలి. వెంచర్ ఫైనాన్స్ కోర్సులో ఇద్దరికీ ఒకే మూడు దారులు చూపిస్తారు: ఈక్విటీ, అంటే వాటా అమ్మడం, అప్పు, ఇవాళ అప్పుగా వచ్చి రేపు వాటాగా మారే కన్వర్టిబుల్ నోటు. ఈ మూడోదాన్ని మధ్యేమార్గమనీ, కొత్తవాళ్లకు అన్నిటికన్నా క్షేమమనీ చెబుతారు. నేను ఒప్పుకోను. నోటు కంపెనీ ధరను తేల్చకుండా వాయిదా వేస్తుంది. ఆ వాయిదా వల్ల వచ్చే నష్టం దాదాపు అంతా వ్యవస్థాపకుడి నెత్తిన పడుతుంది. రెండో రౌండు పెట్టుబడి వచ్చే అవకాశం గట్టిగా ఉన్న కంపెనీకే అది పనికొస్తుంది. మన ప్రాంతంలో మొదలయ్యే వ్యాపారాల్లో ఎక్కువ వాటికి ఆ రెండో రౌండు రాదు, దాని అవసరమూ ఉండదు.

ముందు అప్పు సంగతి. యాభై లక్షలు 12 శాతం వడ్డీకి, అయిదేళ్లలో తీర్చేలా తీసుకుంటే నెలకు వాయిదా సుమారు 1,11,000 రూపాయలు. ఆక్సిజన్ పరికరం మొదటి ఏడాదంతా ప్రయోగాల్లోనే ఉంటుంది. చెరువు నీటిలో సెన్సర్ మీద పాచి పట్టి రీడింగు తప్పుతుంది, దాన్ని సరిచేయాలి. ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామున కాబట్టి ఆ వేళ కరెంటు పోయినా సందేశం వెళ్లేలా చూడాలి. ఆ ఏడాది అమ్మకాలు లేకపోయినా వాయిదాల కింద సుమారు 13 లక్షల 35 వేలు కట్టాల్సిందే. అంటే తెచ్చిన సొమ్ములో పావు వంతుకు పైగా పనిలో పడకుండానే వెనక్కి పోతుంది. అమ్మకాలు మొదలయ్యాక కూడా ఇబ్బంది తీరదు. ఆక్వా రైతు మేతనే అరువు మీద తెచ్చి పట్టుబడి అయ్యాక లెక్క చూస్తాడు. పరికరం డబ్బు మాత్రం నెలనెలా కడతాడని అనుకోలేం. బ్యాంకు వాయిదాకు చెరువు పంటతో సంబంధం లేదు. ఇలాంటి కంపెనీకి మొదటి సొమ్ము అప్పు కాకూడదు.

ఈక్విటీ సొమ్ముకు వాయిదా ఉండదు. విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ సరిగ్గా ఈ రంగంలోదే: చెరువులో ఆక్సిజన్‌ను గమనించే పరికరాలు, రొయ్యలకు మేత వేసే యంత్రాలు. వ్యవసాయ రంగంలో పెట్టుబడులు పెట్టే ఆమ్నివోర్ ఫండు అందులో వాటా తీసుకుంది. తర్వాత నెదర్లాండ్స్‌కు చెందిన మేత కంపెనీ న్యూట్రెకో కూడా వచ్చింది. నీళ్లలో మునిగి ఏళ్ల తరబడి పనిచేయాల్సిన యంత్రం ఒక సీజనులో కుదురుకోదు, కాబట్టి ఓపిక గల సొమ్ము కావాలి. ఆ ఓపికకు ఇచ్చే ధరే వాటా. లెక్క కూడా సూటిగా ఉంటుంది. కంపెనీ విలువ రెండు కోట్లని ఒప్పుకుని యాభై లక్షలు తీసుకుంటే, మొత్తం రెండున్నర కోట్లలో పెట్టుబడిదారుకు 20 శాతం, వ్యవస్థాపకులకు 80 శాతం. ఆ రోజే తేలిపోతుంది.

ఇక నోటు. మన చట్టంలో దానికి స్పష్టమైన హద్దులున్నాయి. కేంద్రంలో డీపీఐఐటీ గుర్తింపు పొందిన స్టార్టప్ అయి ఉండాలి. ఒక్కొక్కరి నుంచి ఒకే విడతలో 25 లక్షలకు తగ్గకుండా రావాలి. 2016లో పెట్టిన అయిదేళ్ల గడువును 2020లో పదేళ్లకు పెంచారు. ఆ లోపు నోటు వాటాగా మారాలి, లేదా సొమ్ము తిరిగి చెల్లించాలి. సొమ్ము తీసుకునే ముందే వాటాదార్ల ప్రత్యేక తీర్మానం ఉండాలి. కాగితంలో ముఖ్యంగా రెండు అంకెలుంటాయి. ఒకటి డిస్కౌంటు: తర్వాతి రౌండులో కొత్తవాళ్లు కొనే ధర కన్నా ఇంత తక్కువకు నోటుదారుకు షేర్లు ఇస్తారు. రెండోది క్యాప్: తర్వాత కంపెనీ విలువ ఎంత పెరిగినా నోటుదారుకు మాత్రం ఈ విలువకు మించి లెక్క కట్టరు. రెండిట్లో ఏది నోటుదారుకు లాభమో అదే వర్తిస్తుంది.

ఆక్సిజన్ కంపెనీకే దీన్ని పెట్టి చూద్దాం. వ్యవస్థాపకుల చేతిలో లక్ష షేర్లు. నోటు యాభై లక్షలు, ఏడాదికి 8 శాతం సాదా వడ్డీ, 20 శాతం డిస్కౌంటు, నాలుగు కోట్ల క్యాప్. ఏడాదిన్నరకు అంతా బాగా జరిగి, ఎనిమిది కోట్ల విలువ మీద ఒక ఫండు రెండు కోట్లు పెట్టడానికి వచ్చింది. నోటు వడ్డీతో కలిపి 56 లక్షలైంది. క్యాప్ ప్రకారం షేరు 400 రూపాయలు, కాబట్టి నోటుదారుకు 14,000 షేర్లు. కొత్త ఫండు సాధారణంగా నోటు షేర్లను కూడా ఆ ఎనిమిది కోట్లలోనే కలిపి లెక్కించమంటుంది. అప్పుడు షేరు ధర సుమారు 702 రూపాయలు, ఫండుకు 28,500 షేర్లు. వ్యవస్థాపకులకు మిగిలేది 70 శాతం, నోటుదారుకు 10 శాతంలోపు. ముందే రెండు కోట్లకు వాటా అమ్మి ఉంటే ఇదే రౌండు తర్వాత వాళ్లకు 64 శాతమే మిగిలేది. నోటు గెలిచింది. కోర్సులో చూపించే లెక్క చాలాసార్లు ఇంతటితో ఆగుతుంది.

అదే కంపెనీకి పరిస్థితులు కలిసిరాలేదనుకుందాం. రొయ్య ధర పడిపోయి రైతులు పరికరాలు కొనడం ఆపారు. మూడేళ్లకు గానీ కొత్త పెట్టుబడి రాలేదు, అదీ రెండు కోట్ల విలువ మీద కోటి రూపాయలు. నోటు అప్పటికి 62 లక్షలు. ఇప్పుడు క్యాప్‌తో పనిలేదు, డిస్కౌంటు వర్తిస్తుంది. నోటు షేర్లు కూడా ఆ రెండు కోట్లలోనే ఇమడాలి కాబట్టి షేరు ధర 122 రూపాయల 50 పైసలకు దిగుతుంది, నోటుదారుకు 98 రూపాయలకే దొరుకుతుంది. ఆయనకు 63 వేలకు పైగా షేర్లు, కొత్తవాళ్లకు 81 వేలకు పైగా. వ్యవస్థాపకులకు మిగిలింది 41 శాతం. మొదట్లోనే వాటా అమ్మి ఉంటే ఇదే చెడ్డ రౌండు తర్వాత కూడా 53 శాతం మిగిలేది, కంపెనీ మీద పట్టు పోయేది కాదు. వాటా కొన్నవాడు నష్టంలో పాలు పంచుకుంటాడు. నోటుదారుకు మాత్రం ధర ఎంత పడితే అన్ని ఎక్కువ షేర్లు వస్తాయి. ఒకే నోటుతో ఇంత మార్పు వచ్చినప్పుడు, ఏడాదికొకటి చొప్పున మూడు నోట్లు రాసిన కంపెనీ సంగతి లెక్క వేస్తే గానీ తెలియదు. చాలామంది ఆ లెక్క సంతకాలయ్యాకే వేస్తారు.

కోకో కుటుంబానిది ఇంకో రకం కథ. కోకో చింతలపూడి వైపు కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతర పంట. కాయ పగలగొట్టి పచ్చి గింజల్ని చెక్క పెట్టెల్లో అయిదారు రోజులు పులియబెట్టి, తర్వాత ఎండబెడతారు. చాక్లెట్ వాసనకు మూలం ఈ పులియబెట్టడంలోనే ఉంది. తడికలపూడిలో ‘మనం చాక్లెట్’ సంస్థకు గింజలు పులియబెట్టే కేంద్రం ఉంది, కాబట్టి ఇక్కడి గింజతో నాణ్యమైన సరుకు తయారవుతుందనడంలో సందేహం లేదు. అయితే గింజలు పులియబెట్టి అమ్మడం మాత్రమే చేసే చిన్న కేంద్రం మూడేళ్లలో పది రెట్లు పెరగదు. రైతుకు కాయల డబ్బు వెంటనే ఇవ్వాలి, ఎండు గింజ డబ్బు కొన్ని వారాల తర్వాత వస్తుంది. ఆ మధ్య కాలానికి కావలసింది బ్యాంకు ఇచ్చే వర్కింగ్ క్యాపిటల్. ఆస్తి తాకట్టు లేకపోతే చిన్న పరిశ్రమలకున్న సీజీటీఎంఎస్ఈ హామీ పథకం కింద అడగవచ్చు. పెట్టెలకు, ఆరబెట్టే షెడ్లకు కుటుంబం సొమ్ము, దగ్గరివాళ్ల వాటా. ఇలాంటి కంపెనీ నోటు రాస్తే, దాన్ని వాటాగా మార్చే రౌండు ఎప్పటికీ రాదు. గడువు నాటికి నోటు మామూలు అప్పే, అదీ ఏళ్ల వడ్డీతో కలిపి ఒకేసారి కట్టాల్సిన అప్పు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది సమయానిది. విలువ మీద బేరం నెలల తరబడి సాగితే సీజను దాటిపోతుంది, నోటైతే వారాల్లో ముగుస్తుంది అంటారు. ఆ మాట నిజమే. కానీ క్యాప్ ఒప్పుకోవడమంటే విలువ మీద బేరం ఆడడమే కదా. విలువ అనే మాట ఎత్తకుండా ఒప్పుకుంటున్నాం, అంతే. క్యాప్ అంకె మీద వారం రోజులు కూర్చోగలిగినవాళ్లు విలువ మీద కూడా కూర్చోగలరు. రెండో వాదన పన్నుది. విలువకు మించిన ధరకు షేర్లు అమ్మితే ఆ ఎక్కువ సొమ్ముపై కంపెనీకి పడే ‘ఏంజెల్ ట్యాక్స్’ భయంతో ఒకప్పుడు ధర తేల్చకుండా నోటు రాసుకునేవాళ్లు. 2024 బడ్జెట్ ఆ పన్నును ఎత్తేసింది, కాబట్టి ఆ కారణం కూడా పోయింది.

మూడోది మన ఊళ్ల వాదన: ఈ కాగితాలన్నీ దేనికి, బావమరిదీ స్నేహితులూ తలా అయిదు లక్షలు ప్రోనోటు మీద రూపాయిన్నర వడ్డీకి ఇస్తారు కదా అని. మనిషి మనిషికిచ్చే అప్పుగా అది సరే. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరు మీద బయటివాళ్ల దగ్గర అలా తీసుకుంటే చట్టం దాన్ని డిపాజిట్ అంటుంది. నిబంధన మీరితే జరిమానాతో పాటు బాధ్యులకు జైలు శిక్ష కూడా రాసి ఉంది. డైరెక్టర్లూ వాళ్ల బంధువులూ సొంత డబ్బే ఇస్తున్నామని రాతపూర్వకంగా చెప్పి ఇవ్వవచ్చు. స్నేహితులకు ఆ వెసులుబాటు లేదు. అయిదు లక్షలకు కన్వర్టిబుల్ నోటు కూడా కుదరదు, 25 లక్షల హద్దు ఉంది కాబట్టి. వాళ్లకు మిగిలే సక్రమమైన దారి వాటానే. సొమ్ము బ్యాంకు ద్వారానే రావాలి, 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, లేదంటే ఆ తర్వాత 15 రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి. పైగా రూపాయిన్నర వడ్డీ అంటే ఏడాదికి 18 శాతం. బ్యాంకు అప్పునే మొయ్యలేని కంపెనీ దాన్ని ఎలా మోస్తుంది?

అయినా నోటు తప్పదనుకుంటే, ఏడాదిన్నరలో రౌండుకు వచ్చే ఫండు ఏదో పేరుతో సహా చెప్పగలగాలి. కాగితంలో మూడు చోట్ల వేలు పెట్టి చదవండి: ఎంత కొత్త సొమ్ము వస్తే రౌండు వచ్చినట్టు లెక్క, గడువు లోపు రౌండు రాకపోతే ఏ విలువకు వాటాగా మారుతుంది, వడ్డీ కూడా షేర్లవుతుందా. రెండో ప్రశ్నకు కాగితంలో జవాబు లేకపోతే సంతకం చేయకండి.