తక్కువైనా తిమ్మిరే, ఎక్కువైనా తిమ్మిరే

ప్రొద్దుటూరులో గుంటమగ్గం నేసే ఒకామె తన బాధ ఇలా చెప్పింది: "కాలు చెక్కమీద పడిందో లేదో వంగి చూస్తేగానీ తెలీడం లేదు సార్. రాత్రిపూట దొడ్లోకి పోవాలంటే గోడ పట్టుకోవాల్సిందే."

పాదం పైకి ఎత్తమని, నా చేత్తో గట్టిగా అదిమిపట్టాను. సులువుగా ఎత్తేసింది. కండబలం తగ్గలేదన్నమాట. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి చీలమండ ఎముకమీద ఆనిస్తే మాత్రం అదురు తెలియలేదు. కళ్లు మూయించి బొటనవేలిని పైకీ కిందికీ కదిపితే ఎటు కదిలిందో చెప్పలేకపోయింది. కాళ్లు దగ్గరపెట్టి నిలబడి కళ్లు మూయగానే తూలింది. చక్కెర మామూలుగా ఉంది, బి12 కూడా. నరాల పరీక్షలో స్పర్శ నరాల నుంచి సంకేతాలు దాదాపు లేవు, కండరాలను నడిపే నరాలు బాగానే ఉన్నాయి.

సంచిలోని మాత్రలన్నీ బల్లమీద పెట్టమన్నాను. వాటిలో 100 మిల్లీగ్రాముల పైరిడాక్సిన్, అంటే బి6, ఉంది. ఏడాదిన్నర కిందట కొద్దిగా తిమ్మిరనిపిస్తే మందుల షాపులో అడిగి రోజుకొకటి మొదలుపెట్టింది. తగ్గకపోతే రెండు, ఆ తర్వాత మూడు. "బలం మాత్రలే కదా సార్" అంది. మనిషికి రోజుకు కావాల్సింది సుమారు 2 మిల్లీగ్రాములు.

ఆ కొద్దిపాటి విటమిన్ చేసే పని చాలా పెద్దది. కాలేయం దాన్ని పైరిడాక్సల్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. దీనికి ఒక చివర ఆల్డిహైడ్ అనే చురుకైన కొస ఉంటుంది. మొదట అది ఎంజైములోని లైసిన్‌ను పట్టుకొని ఉంటుంది. అమైనో ఆమ్లం రాగానే లైసిన్‌ను వదిలి, ఆ ఆమ్లపు అమైనో భాగాన్ని పట్టుకుంటుంది. అలా పట్టుకొని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కోవడంతో ఆమ్లంలోని బంధాలు వదులవుతాయి. ఏ బంధం తెగాలో ఎంజైము నిర్ణయిస్తుంది. ఒక ఎంజైము దగ్గర అమైనో భాగం ఊడి మరో అణువుకు చేరుతుంది. కాలేయ పరీక్షలో మనం చూసే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ చేసే పని అదే. మరోచోట కార్బన్ డయాక్సైడ్ విడిపోయి, గ్లూటమేట్ నుంచి గాబా తయారవుతుంది. మెదడు ఉద్రేకాన్ని అణిచేది గాబాయే. పసిబిడ్డల్లో బి6 బాగా తగ్గితే ఫిట్స్ రావడానికి కారణం ఇదే.

జమ్మలమడుగు వైపు నాపరాయి గనిలో పనిచేసే ఒకాయన క్షయ మందులు వాడుతూ అరికాళ్ల మంటలతో వచ్చాడు. ఐసోనియాజిడ్ అనే మందు నేరుగా ఆ ఆల్డిహైడ్ కొసకే అతుక్కొని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. అందుకే దాంతోపాటు 10 మిల్లీగ్రాముల బి6 ఇస్తారు. చిన్న మాత్రే కదా అని ఆయన దాన్ని వదిలేశాడు, పైగా రోజూ తాగేవాడు. ఆయనకు కొన్నాళ్లు 100 మిల్లీగ్రాములు ఇస్తే మంటలు తగ్గాయి. ప్రొద్దుటూరామెకు కీడు చేసిన మాత్రే ఆయనకు మేలు చేసింది. తేడా ఎంత, ఎన్నాళ్లు అన్నదానిలోనే ఉంది.

ఎక్కువైతే నరం ఎందుకు చెడుతుంది? స్పర్శ నరాల కణాలు వెన్నెముక పక్కన చిన్న ముడుల్లో ఉంటాయి. రక్తంలోని పదార్థాలను ఆపే అడ్డుగోడ మిగతా నరాలకున్నంత గట్టిగా అక్కడ ఉండదు. కాలేయం మార్చలేక మిగిలిన పైరిడాక్సిన్ అక్కడికి సులువుగా చేరుతుంది. అది పైరిడాక్సల్ ఫాస్ఫేట్ చోటును ఆక్రమిస్తుందని, దాంతో మోతాదు ఎక్కువైనా కణం లోపంలో ఉన్నట్టే బాధపడుతుందని ఒక వివరణ ఉంది. ఇది ఇంకా పూర్తిగా తేలలేదు. కాళ్లకు పోయే నరాలు పొడుగైనవి కాబట్టి చెడు ముందు అరికాళ్లలోనే తెలుస్తుంది.

1983లో అమెరికా వైద్యులు వివరించిన ఏడుగురు రోజుకు 2 నుంచి 6 గ్రాములు మింగినవాళ్లు. ఆ తర్వాత చాలా తక్కువ మోతాదుల్లోనూ, ఎక్కువకాలం వాడినవాళ్లలో ఇదే నష్టం కనిపించింది. అమెరికా 100 మిల్లీగ్రాములను పెద్దల గరిష్ఠ పరిమితిగా ఉంచింది. ఐరోపా 2023లో తన పరిమితిని 12కు తగ్గించింది. నాకు ఐరోపా లెక్కే సబబనిపిస్తుంది.

పులివెందుల అరటి రైతు ఒకాయన, "మా పండ్లలో బి6 ఉంటుందంట, తినొచ్చా?" అనడిగాడు. ఒక పండులో అర మిల్లీగ్రాము కూడా ఉండదు. తిండితో ఈ జబ్బు రాదు.

ప్రొద్దుటూరామెకు మాత్రలు ఆపించాం. మొదటి రెండు వారాలు తిమ్మిరి ఇంకా పెరిగింది. ఇలా జరుగుతుందని ముందే చెప్పకపోతే చాలామంది భయపడి మళ్లీ మాత్రలు మొదలుపెడతారు. తర్వాత నెలల తరబడి నెమ్మదిగా తగ్గింది. మగ్గం దగ్గర కూర్చుంటోంది. బొటనవేళ్లలో అదురు మాత్రం ఇంకా తెలియడం లేదు.

తిమ్మిరుందని బి6 మాత్ర కొనేముందు అట్ట వెనక పైరిడాక్సిన్ ఎన్ని మిల్లీగ్రాములో చదవండి. మల్టీవిటమిన్‌లో, నరాల మాత్రలో ఉన్నదీ కలిపి లెక్కేయండి. వాడుతుండగా తిమ్మిరి పెరిగితే ఇంకో మాత్ర కలపకండి, అన్నీ సంచిలో వేసుకొని డాక్టరుకు చూపించండి. క్షయ మందులతో ఇచ్చిన బి6ను మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపవద్దు.