‘ది’ ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసేయాలి: నీళ్ల ఉత్తరం దిద్దినప్పుడు



మా హాస్టల్ జూనియర్లు ట్యాంకు నీళ్ల గురించి ఆఫీసుకి ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసి, పంపే ముందు చూడమని నాకిచ్చారు. స్పెల్లింగులు బాగానే ఉన్నాయి. తేడా అంతా ‘ది’ దగ్గరే. మనలో చాలామందికి ఇదే ఇబ్బంది కాబట్టి, ఎలా సరిచూశామో రాస్తున్నా.

మొదటి వాక్యం ‘ది ఎడ్యుకేషన్ ఈజ్ ఇంపార్టెంట్ ఫర్ ది ట్రైబల్ స్టూడెంట్స్’. ప్రతి ‘ది’ దగ్గర ఆగి ‘ఏది? ఎవరు?’ అని అడిగాం. ఫలానా చదువు, ఫలానా పిల్లలు అని జవాబు రాలేదు. చదువు అనేదే ముఖ్యం, గిరిజన విద్యార్థులు ఎవరికైనా. ఇలా మొత్తం గురించి చెప్పేటప్పుడు బహువచనానికి గానీ, చదువు, జీవితం, ఆకలి లాంటి మాటలకు గానీ ముందు ‘ది’ రాదు. రెండూ కొట్టేశాం. తెలుగులో ‘ఆ’ పెట్టి చూసినా తెలిసిపోతుంది. ‘ఆ చదువు ముఖ్యం’ అంటే, ఏ చదువురా అని ఇంట్లో అమ్మ కూడా అడుగుతుంది.

రెండోది ‘ది లైఫ్ ఇన్ అవర్ హాస్టల్ ఈజ్ హార్డ్’. హాస్టల్ అని చెప్పాం కదన్నా, ఫలానా జీవితమే కదా అన్నాడు ఒక తమ్ముడు. మంచి ప్రశ్నే. కానీ ఆ ముక్క ఎక్కడ బతుకుతున్నామో మాత్రమే చెప్తుంది. అక్కడ బతకడం మామూలుగా ఎలా ఉంటుందన్నదే మాట. అందుకే ‘లైఫ్ ఇన్ అవర్ హాస్టల్ ఈజ్ హార్డ్’. అదే ‘ది లైఫ్ మై గ్రాండ్‌మదర్ లివ్డ్’ అంటే ఒక్క మనిషి గడిపిన ఒక్క జీవితం. అక్కడ ‘ది’ ఉండాల్సిందే.

మూడోది తిరగబడింది: ‘వాటర్ ఈజ్ నాట్ క్లీన్’. అంటే లోకంలో నీళ్లే మంచివి కావని! మూత తీసి వేలుతో చూపించగల నీళ్లు ఇవి. ‘ది వాటర్ ఇన్ అవర్ ట్యాంక్ ఈజ్ నాట్ క్లీన్’ అని మార్చాం.

నాలుగోది అసలైనది: ‘ఆఫీసర్స్ డు నాట్ లిసన్’. ఇది అధికారులందరి మీదా నింద. ఉత్తరం చదివే మనిషి కూడా అందులోకే వస్తారు. పిల్లలు చెప్పదలిచింది పోయిన నెల వచ్చి చూసి వెళ్లిన ఇద్దరి గురించే. ‘ది ఆఫీసర్స్ హూ కేమ్ లాస్ట్ మంత్ డిడ్ నాట్ లిసన్’ అనేసరికి ఫిర్యాదు ఎవరి మీదో తేలింది.

ఈ పరీక్ష అన్నిచోట్లా పనిచేయదు. ‘ది పూర్’, ‘ది గోండ్స్’ అన్నప్పుడు మొత్తం జనం గురించే అయినా ‘ది’ ఉంటుంది. హాస్టల్, స్కూల్ లాంటి లెక్కపెట్టే ఏకవచనం గురించి చెప్పేటప్పుడు ‘ది’ కొట్టేసి ఊరుకోకూడదు. మామూలుగా ‘ఎ’, ‘అవర్’ లాంటిది ఏదో ఒకటి ముందుండాలి.

మీ ఉత్తరాల్లో బహువచనాలు, లెక్కపెట్టలేని మాటల కింద ముందు గీతలు గీసుకోండి. ఒక్కో గీత దగ్గర ‘ఏది?’ అని అడగండి. జవాబు ఉంటే ‘ది’ ఉంచండి, లేకపోతే కొట్టేయండి.