ఫ్రిజ్‌కీ ఊపిరాడాలి

“బాబాయ్, ఇది కూల్‌డ్రింకా, కషాయమా?”

కిందటేడు రోహిణి కార్తెలో ఓ కుర్రాడు అన్న మాట ఇది. కొండమీద పానకాలస్వామిని చూసుకుని, మెట్లన్నీ దిగి, చెమటలు కక్కుతూ మా కొట్టుకొచ్చాడు. సీసా మూత తీసి ఒక్క గుక్క తాగి నా మొహం వంక చూశాడు. డబ్బులు తిరిగివ్వబోతే “వద్దులే బాబాయ్” అని నవ్వి వెళ్లిపోయాడు. తిట్టిపోసినా బాగుండేది.

మాది మంగళగిరి. మా నాన్న గుంట మగ్గంమీద చీరలు నేశాడు. నేనూ పదిహేనేళ్లు నేశాను. నడుం ఇక నా వల్ల కాదన్నాక ఇంటి ముందు గదిలో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాను. మా ఆవిడ డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పుతో, అద్దాల తలుపున్న కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. విజీ కూలర్ అంటారు దాన్ని. వేసవి నాలుగు నెలలూ అది సంపాదించి పెడితేనే మాకు కిస్తీలు గడిచేది. దాంట్లోనే పాల ప్యాకెట్లు, పెరుగు కూడా పెడతాం.

ఏప్రిల్ నుంచే దాని వాలకం మారింది. పొద్దున సీసాలు బాగానే చల్లగా ఉండేవి. మధ్యాహ్నానికి కుండలో నీళ్లే నయమనిపించేవి. వెనక మోటారు ఆగకుండా మోగేది. ఒక్కోసారి ‘టక్’మని ఆగిపోయి, కాసేపటికి మళ్లీ మొదలయ్యేది. మే నెలకి పాలు విరగడం మొదలైంది. “పాపకి పాలు కాస్తే విరిగిపోయాయి అన్నాయ్” అంటూ పక్కవీధి అమ్మాయి రెండు రోజులు వరసగా ప్యాకెట్లు వెనక్కి తెచ్చింది. నాకు కోపమొచ్చి, ఆ కోపమంతా పాలు వేసే కుర్రాడిమీద చూపించాను. “దారిలో ఎండకి పెడుతున్నావురా, అందుకే విరుగుతున్నాయి” అని పదిమంది ముందు అరిచాను. వాడేమీ అనలేదు. మర్నాటి నుంచి తెల్లారకముందే వచ్చి, ప్యాకెట్లు అరుగుమీద పెట్టి, పలకరించకుండా వెళ్లిపోయేవాడు.

మెకానిక్‌ని పిలిచాను. అతనొచ్చి ఐదు నిమిషాలు చూసి “గ్యాస్ తగ్గిందండీ” అన్నాడు. 2,200 రూపాయలు తీసుకుని గ్యాస్ ఎక్కించాడు. ఆ రాత్రే గాలివాన వచ్చి ఊరంతా చల్లబడింది. రెండు రోజులు ఫ్రిజ్ బ్రహ్మాండంగా పనిచేసింది. పోతేపోయాయి డబ్బులు అనుకున్నాం. మూడో రోజు ఎండ కాసింది. ఫ్రిజ్ మునుపటికంటే అధ్వాన్నమైంది.

అప్పుడు మా పెద్దమ్మ కొడుకు తన మామగారిని వెంటబెట్టుకొచ్చాడు. విజయవాడలో ముప్పై ఏళ్లు ఫ్రీజర్లు బాగుచేసి, కళ్లు సరిగా ఆనక మానేసిన పెద్దాయన. మధ్యాహ్నం మూడింటికి వచ్చారు. సంచీ కూడా విప్పలేదు. స్టూలు లాక్కుని ఫ్రిజ్ పక్కన అరగంట ఊరికే కూర్చున్నారు. తర్వాత నడిమి అరలో ఉన్న నీళ్ల సీసా మూత తీసి, అందులో థర్మామీటరు ముంచారు. 16 డిగ్రీలు చూపించింది. “తలుపు దగ్గర గాలికి పెట్టి చూస్తే అబద్ధం చెబుతుంది. తలుపు తీయగానే మారిపోతుంది. సీసాలో నీళ్లు చెప్పేదే నిజం” అన్నారు.

అడుగున జాలీ ఊడదీసి, కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి పోయే రాగి గొట్టం దగ్గరికి చెయ్యి పోనిచ్చి చటుక్కున వెనక్కి తీసుకున్నారు.

“చూడు నాయనా, గ్యాస్ తక్కువైతే ఈ గొట్టం ఇంత కాలదు. గోరువెచ్చగా ఉంటుంది. పైన లోపలి కాయిల్‌మీద మంచు కూడా ఒక మూలే పడుతుంది. ఇక్కడ చెయ్యి పెట్టలేకపోతున్నాం. అంటే లోపలి వేడి ఇక్కడిదాకా వస్తోంది, ఇక్కణ్నుంచి బయటికి పోవట్లేదు. దానికి తోడు నువ్వు గ్యాస్ ఇంకా ఎక్కించావు. ఆ ఒత్తిడికి కంప్రెసర్ ఉడికిపోయి, కాలిపోకుండా తనంతట తాను ఆగిపోతోంది. నువ్వు చెప్పిన ‘టక్’ అదే.”

మరి గ్యాస్ ఏటేటా తగ్గదా అని అడిగాను. “స్కూటర్లో పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు నాయనా అది. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారేచోటు పట్టకుండా గ్యాస్ ఎక్కించడం చిల్లికుండలో నీళ్లు పోయడమే” అన్నారు.

ఆ తర్వాత ఆయనన్న ఒక్క మాటతో నాకు మొత్తం అర్థమైంది. “ఫ్రిజ్ చల్లదనాన్ని తయారు చేయదయ్యా. లోపలి వేడిని మోసుకొచ్చి బయట పారబోస్తుంది. పారబోసే చోటు లేకపోతే ఏం చేస్తుంది?”

ప్లగ్గు పీకి, టార్చి వేసి చూపించారు. కండెన్సర్ అంటే సన్నటి రేకులు వరసగా పేర్చిన దువ్వెనలాంటిది. మాదాంట్లో ఆ రేకులు కనబడితేగా! బూడిదరంగు దుప్పటి కప్పినట్టుంది. మా వెనకింట్లో మగ్గాలున్నాయి, పక్కన కండెలు చుడతారు. ఆ నూలు రోజంతా గాలిలో తేలుతుంది. మేం పుట్టినప్పటి నుంచీ పీలుస్తున్నాం కనుక మా కంటికి ఆనదు. ఫ్యానేమో గాలితోపాటు ఆ నూగునంతా లాక్కొచ్చి రేకుల మధ్య కుక్కుకుంది. దానిమీద రోడ్డు దుమ్ము, పక్కన బజ్జీల నూనె జిడ్డు. వేలితో లాగితే చాపముక్కలా ఊడొచ్చింది. నేత నేసినవాణ్ని కదా, సిగ్గేసింది.

మెత్తటి బ్రష్షుతో రేకుల నిలువు వెంటే దువ్వమన్నారు. అడ్డంగా రుద్దితే రేకులు వంగి, గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుందట. నీళ్లు పోయొద్దన్నారు. పక్కనే వైర్లున్నాయి. చివర్లో బ్లోయరుతో, ఫ్యాన్ వైపు నుంచి బయటికి ఊదాం. కొట్టంతా మేఘం కమ్మింది.

తర్వాత ఫ్యాన్ రెక్కని వేలితో తిప్పారు. చుట్లు తిరగాల్సింది, అర చుట్టు తిరిగి బిగుసుకుపోయింది. “తిరుగుతోంది కదా అని మీరంతా మోసపోయేది ఇక్కడే. చప్పుడొస్తుంది, గాలి రాదు.” బుష్షులు ఎండిపోయి అరిగాయట. నూనె చుక్క వేస్తే నాలుగు రోజులు నడుస్తుంది, మళ్లీ మొదటికొస్తుందని కొత్త మోటారు తెప్పించారు. ఏడొందలు. బిగించాక నోటుపుస్తకంలో కాగితం చింపి కండెన్సర్ ముందు పట్టుకున్నారు. అది చటుక్కున రేకులకి అతుక్కుంది. మాదాంట్లో గాలిని రేకుల గుండా లోపలికి లాగి కంప్రెసర్‌మీదికి వదలాలి. కాగితం ఎగిరి మన మొహాన పడితే రెక్క తిరగేసి బిగించినట్టేనట.

ఇక వెళతారేమో అనుకున్నాను. ఆయన థర్మామీటరు తీసుకెళ్లి రోడ్డుపక్క నీడలో పెట్టారు. 41. జాలీ ముందు పెట్టారు. 48. “మీ ఊరి ఎండ 41. నీ ఫ్రిజ్‌కి మాత్రం 48. అది బతికేది ఈ మూలలో కదా” అన్నారు. ఆ ఏడు డిగ్రీలూ మా చలవే. రేకు గోడకి అవతల బజ్జీల పొయ్యి. వెనక పడమటి ఎండ తగిలే గోడ. ఫ్రిజ్ వీపు దానికి ఆనించేశాను. పైన ఖాళీ అట్టపెట్టెలు, ముందు అడుగు జాలీకి అడ్డంగా నీళ్ల సీసాల కేసులు. వదిలిన వేడిగాలి పోయే దారి లేక, ఫ్యాన్ దాన్నే తిప్పి మళ్లీ పీలుస్తోంది.

ఆ సాయంత్రమే ఫ్రిజ్‌ని ఎదురు గోడవైపు జరిపాం. వెనక జానెడు, పక్కల బెత్తెడు ఖాళీ వదిలాం. పైన, ముందు ఏమీ పెట్టలేదు. మర్నాడు మూడింటికి సీసాలో నీళ్లు 10 డిగ్రీలకి వచ్చాయి.

“ఇంకా దిగాలే!” అని ఆయన తలుపు తెరిచారు. లోపలి తప్పులు మా ఆవిడవీ నావీ చెరిసగం. చిన్న ప్యాకెట్లు కమ్మీల సందుల్లోంచి జారిపోతున్నాయని తను అరలమీద పాత క్యాలెండర్ కాగితాలు పరిచింది. నేనేమో ఎక్కువ పట్టాలని సీసాల్ని వెనక గోడకి ఆనేలా, పైన గాలి వచ్చే కంతల దాకా కుక్కేశాను. చలిగాలి పైనుంచి దిగి, సీసాల మధ్య తిరిగి, మళ్లీ పైకి పోవాలి. కాగితాలు దాన్ని పై అరలోనే ఆపేశాయి. అందుకే పై వరస సీసాలు గడ్డకట్టేవి, కింద పాలు విరిగేవి. పాలు పెట్టింది అడుగు అరలోనే మరి.

రెండోది వేళ. సీసాలు అమ్ముడయ్యేది మధ్యాహ్నం కనుక నేను నింపేదీ మధ్యాహ్నమే. ఎండలో వచ్చిన ఆటోలోంచి దించిన కేసు దించినట్టే లోపలికి. “600 మిల్లీలీటర్ల సీసాలు 24 అంటే పద్నాలుగు లీటర్ల పైమాటే. అన్నిటినీ 38 నుంచి 6 డిగ్రీలకి దింపాలంటే ఇంత ఫ్రిజ్‌కి వేరే పనేమీ లేకపోయినా రెండు గంటలు పడుతుంది. మధ్యాహ్నం నువ్వు నిమిషానికోసారి తలుపు తీస్తుంటే ఎప్పటికి దిగాలి?” అన్నారు. అప్పటిదాకా చల్లగా ఉన్న పాత సీసాలు కూడా కొత్తవాటి వేడి పంచుకుంటాయట. ఇప్పుడు రాత్రి కొట్టు మూసేటప్పుడే నింపుతున్నాను. కొత్తవి వెనక, పాతవి ముందు. మధ్యాహ్నం చాలకపోతే ఆరేడు సీసాలకి మించి పెట్టను. ప్యాకెట్లకి కాగితాల బదులు కంతల ప్లాస్టిక్ బుట్ట కొన్నాం.

మూడో రోజు సీసాలో 6 డిగ్రీలు. గిరాకీ ఎక్కువున్న మధ్యాహ్నాల్లో 8 దాకా వెళుతుంది, అంతకన్నా మా ఫ్రిజ్ చేయలేదు. పాలు మాత్రం పై నుంచి రెండో అరలోకి మార్చాం. వెళ్లేముందు ఆయన ఎక్కువ పోసిన గ్యాస్‌నీ సరిచేయించారు. ఇవన్నీ చేశాక కూడా గొట్టం చల్లారిపోయి, లోపల మంచు ఒక మూలే పడితే అప్పుడు గ్యాస్ సంగతి చూడమన్నారు.

ఇప్పుడు ప్రతినెలా మొదటి ఆదివారం ప్లగ్గు పీకి బ్రష్షు పడతాను. మగ్గాలున్న వీధి కాబట్టి నెలకే చాపముక్కంత నూగు వస్తుంది.

ఒక పని మాత్రం బ్రష్షుతో తేలేది కాదు. నాలుగో రోజు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి అరుగుమీద కూర్చున్నాను. పాల కుర్రాడు సైకిల్ ఆపి నన్ను చూసి తటపటాయించాడు. “తప్పు నాదేరా తమ్ముడూ, ఫ్రిజ్‌ది. నిన్ను అనకూడని మాటలన్నాను” అన్నాను. వాడు ప్యాకెట్లు నా చేతికిచ్చి, “అప్పుడే అనుకున్నాను అన్నాయ్. మీ ఫ్రిజ్ పక్కన నిలబడితే పొయ్యి దగ్గర నిలబడ్డట్టుండేది” అన్నాడు.

రోజూ రెండు నిమిషాలు నిలబడేవాడికి తెలిసింది, రోజంతా కూర్చున్న నాకు తెలియలేదు. ఆ రోజు మధ్యాహ్నం వాణ్ని పిలిచి ఓ సీసా ఇచ్చాను. చల్లగా ఉందా అని మాత్రం అడగలేదు. మూత తీసేలోపే సీసా నిండా చెమట పట్టింది.